అవుటైనవాళ్ల చేతిలో ఒక్క చింతగింజ

హైదరాబాద్‌లో హాస్టల్ మేడ మీదైనా, ఆఫీసు టీమ్ అవుటింగ్‌లోనైనా పదిమంది చేరి మాఫియా ఆడుతున్నప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి. చీటీల్లో రహస్యంగా దొంగలైనవాళ్లు రాత్రికొకరిని చంపుతారు, మిగతావాళ్లు విలేజర్లు, పగలు అందరూ వాదించుకుని ఓటేసి దొంగ అనుకున్నవాళ్లను అవుట్ చేస్తారు. అందరికంటే ముందు అవుటైన మనిషి ఫోన్ చూస్తూ కనిపిస్తాడు. చీటీ తీశాడు, కళ్లు మూసుకున్నాడు, తెల్లారేసరికి ‘నువ్వు చచ్చిపోయావు’ అని ఆట నడిపించే గాడ్ చెప్పేశాడు. అప్పటికి అతను నోరు విప్పి ఒక్క మాట కూడా అనలేదు. ఇక ముప్పావుగంట ఊరికే కూర్చోవాలి. అతనికి ఆసక్తి లేదని తప్పు పట్టడం అన్యాయం. నీకిక్కడ పనిలేదని ఆట నియమమే అతనికి చెప్పింది.

ఈ ఆటను 1986 ప్రాంతంలో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రి డేవిడాఫ్ తయారుచేశాడు. తమవాళ్లెవరో తెలిసిన కొద్దిమందికీ, ఎవరు ఎవరో తెలియని ఎక్కువమందికీ మధ్య పోటీ పెడితే ఏమవుతుందన్నది దాని మూలం. రోజుకొకరు, రాత్రికొకరు తగ్గిపోవడమే ఇందులో గడియారం. ఎలిమినేషన్‌ని పూర్తిగా తీసేసిన ఆటలూ ఉన్నాయి. 2009లో వచ్చిన ‘ది రెసిస్టెన్స్’లో ఎవరూ అవుటవ్వరు, మిషన్ల మీద ఓట్లు వేస్తూ చివరిదాకా అందరూ ఉంటారు. మంచి ఆటే. కానీ రేపు పొద్దున నా పేరు వినిపిస్తుందేమో అన్న టెన్షన్ అందులో ఉండదు. నాకు ఆ టెన్షన్ కావాలి. అందుకే చావును ఉంచి, చచ్చినవాళ్లకు పని కల్పించే దారి వెతకాలంటాను.

మామూలుగా తోచే దారులు రెండు. ఒకటి, అవుటైనవాళ్లకు వేరే పని అప్పజెప్పడం. ‘అమాంగ్ అస్’ చేసింది ఇదే. అక్కడ చనిపోయిన క్రూ సభ్యులు దెయ్యాలుగా తిరుగుతూ తమ టాస్కులు పూర్తిచేస్తారు, అవి జట్టు లెక్కలో కలుస్తాయి. ఫోన్‌లో ఆడే ఆటకు అది సరిపోయింది. చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు మాత్రం సరిపోదు. ఎవరు అబద్ధం చెబుతున్నారో కనిపెట్టడానికి వచ్చిన మనిషికి పక్కన కూర్చుని పజిల్ పూర్తిచెయ్యమంటే, అతను అసలు ఆటకు దూరమైనట్టే. రెండోది, మళ్లీ బతికించడం. కబడ్డీలో అవతలివాళ్లను అవుట్ చేసిన కొద్దీ మనవాళ్లు లోపలికి వస్తారు కాబట్టి, బయట కూర్చున్నవాడి కళ్లు కోర్టు మీదే ఉంటాయి. కానీ దొంగెవరో కనిపెట్టే ఆటలో చనిపోయినవాళ్లు తిరిగొస్తుంటే, దొంగ రాత్రంతా ఆలోచించి తీసిన ప్రాణానికి విలువుండదు. ఆట కూడా ఎంతకీ తెగదు.

మరి అవుటైనవాళ్లను నోరు మూసుకోమని మనం ఎందుకంటున్నాం? దీనికి రెండు కారణాలున్నాయి. అవుటవ్వగానే వాళ్లు రాత్రిపూట కళ్లు తెరిచి అంతా చూసేస్తారు. చూసినవాళ్లు మాట్లాడితే ఆట అక్కడితో అయిపోతుంది. రెండోది, చావుతోపాటు వాళ్ల చీటీ కూడా బయటపడుతుంది. ‘ఇతను విలేజర్’ అని ఖాయమైపోయిన మనిషి మాట్లాడితే అందరూ నమ్మేస్తారు. అలాంటివాళ్లు నలుగురు పోగైతే బతికున్నవాళ్లు వాళ్లు చెప్పినట్టే నడుచుకుంటారు. అంటే చావు వల్ల వచ్చే రెండు లాభాలు, చూడటం, నమ్మకం పొందడం, వాళ్ల నోటికి తాళం వేస్తున్నాయి. ఆ రెండూ తీసేస్తే తాళం అక్కర్లేదు.

2022లో మార్కెట్లోకి వచ్చిన ‘బ్లడ్ ఆన్ ది క్లాక్‌టవర్’ పట్టుకున్న కీలకం ఇదే. స్టీవెన్ మెడ్‌వే రూపొందించిన ఆ ఆటలో చనిపోయినవాళ్ల పాత్ర బయటపెట్టరు. రాత్రి వాళ్లూ కళ్లు మూసుకోవాల్సిందే. పగలు ఎంతైనా మాట్లాడొచ్చు కానీ కొత్తగా ఎవరి పేరూ ప్రతిపాదించకూడదు. అన్నిటికంటే గొప్ప నియమం, చనిపోయాక మిగిలిన ఆట మొత్తానికి ఒక్కటంటే ఒక్క ఓటు ఉంటుంది. ఎప్పుడు వాడాలన్నది వాళ్లిష్టం. నా ఉద్దేశంలో వాళ్లను ఆటలో కట్టిపడేసేది మాట్లాడే స్వేచ్ఛకంటే ఈ ఒక్క ఓటే.

ఆ ఆటకు పెట్టె, రకరకాల పాత్రలు కావాలి. మన మామూలు చీటీల ఆటలోకి ఇదే సూత్రాన్ని తెచ్చుకోవచ్చు. తొమ్మిదిమంది ఆటగాళ్లు, ఒక గాడ్. తొమ్మిదిమందిలో ఒకరు లీడర్, ఒకరు అతని తోడుదొంగ, మిగతా ఏడుగురూ విలేజర్లు. ఆ ఏడుగురిలో ఒకరు పోలీసు, రోజూ రాత్రి ఒకరు దొంగల మనిషో కాదో గాడ్‌ని అడిగి తెలుసుకుంటారు. మొదటి రాత్రి ఎవరినీ చంపకూడదు. నోరు విప్పకుండానే ఎవరూ పోకూడదని ఈ నియమం. చీటీలు చదువుకోగానే గాడ్ వాటిని వెనక్కి తీసుకోవాలి, లేకపోతే ఉక్రోషంలో ఎవరో ఒకరు చూపించేస్తారు. అవుటైన ప్రతివాళ్లకూ ఒక చింతగింజ ఇస్తారు, మిగిలిన ఆట మొత్తానికి వాళ్ల ఒక్క ఓటు అదే. పగటికి ఒక్కసారే ఓటింగ్. బతికున్నవాళ్లలో సగానికి తగ్గకుండా ఓట్లు పడి, అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్లు అవుట్. సమానమైతే ఆ రోజు ఎవరూ పోరు. లీడర్ దొరికితే విలేజర్లు గెలిచినట్టు, ఇద్దరే బతికి అందులో లీడర్ ఉంటే దొంగలు గెలిచినట్టు.

ఈ చివరి నియమం చాలా ముఖ్యం. పాత ఆటలో దొంగల సంఖ్య, విలేజర్ల సంఖ్య సమానమైతే దొంగలు గెలిచినట్టే, ఎందుకంటే ఓట్లు సమానం. చనిపోయినవాళ్లకూ ఓటుంటే ఆ లెక్క చెల్లదు.

ఒక ఆట నడిపి చూద్దాం. రవి లీడర్, స్వప్న తోడుదొంగ, కిరణ్ పోలీసు. మొదటి పగలు ఏ ఆధారమూ లేక మాధవిని అవుట్ చేశారు. రాత్రి రవి అనిల్‌ని తీసేశాడు. రెండో పగలు ఏడుగురున్నారు. కిరణ్ లేచి, నేను పోలీసుని, స్వప్న దొంగల మనిషి అన్నాడు. అనిల్ తన గింజ వేశాడు, స్వప్న అవుటైంది. ఆట ఆగలేదు కాబట్టి ఆమె లీడర్ కాదని మాత్రం తెలిసింది. ఆ రాత్రి కిరణ్ పోయాడు.

మూడో పగలు ఐదుగురు మిగిలారు. స్వప్న ఇప్పుడు చచ్చిన దొంగ, కానీ ఆ సంగతి ఎవరికీ ఖాయంగా తెలియదు. ‘నన్ను ఉరితీసి ఏం సాధించారు? కిరణ్ అబద్ధం ఆడాడు, అతన్ని వెనకేసుకొచ్చిన విజయ్‌ని చూడండి’ అంటుంది. పాత ఆటలో ఈపాటికి ఫోన్ తీసి ఉండాల్సిన మనిషి ఇప్పుడు ఆటలో అందరికంటే ప్రమాదకరమైన మనిషైంది. మాధవి నమ్మి తన గింజ వేసేసింది. కిరణ్‌కి ఒళ్లు మండింది, తన గింజ కూడా తీసి వేరేవాళ్ల మీద వేద్దామనుకున్నాడు, ఆగాడు. విజయ్ అవుట్. రాత్రి సునీత పోయింది.

నాలుగో పగలు రవి, లక్ష్మి, ఫరీద్ ముగ్గురే మిగిలారు. చనిపోయినవాళ్లలో స్వప్న, కిరణ్, విజయ్, సునీతల దగ్గర గింజలున్నాయి. రవి ఫరీద్‌ని బుట్టలో వేసుకుని లక్ష్మి మీదికి తిప్పాడు. రవి, ఫరీద్, స్వప్న కలిసి మూడు ఓట్లు లక్ష్మికి పడ్డాయి. లక్ష్మి, కిరణ్, విజయ్, సునీతలవి నాలుగు ఓట్లు రవికి. రవి దొరికాడు. మూడో రోజు కిరణ్ కోపంలో గింజ ఖర్చుచేసి ఉంటే మూడుకి మూడై, ఎవరూ అవుటవ్వక, ఆ రాత్రి రవి గెలిచేవాడు. గంటసేపటి ముందు చచ్చిన మనిషి ఓపిక ఆటను నిర్ణయించింది.

చనిపోయిన దొంగ పనేమిటో కూడా ఇందులోనే ఉంది. తన గింజ దాచుకోవాలి, ఎదుటివాళ్ల గింజలు ముందే ఖర్చుచేయించాలి. చనిపోయిన విలేజర్ల గింజలన్నీ అయిపోతే చివరి రోజున ఇద్దరు బతికున్న విలేజర్లు ఒక్కమాట మీదున్నా, లీడర్ ఓటు, తోడుదొంగ గింజ కలిసి రెండుకి రెండు చేసేస్తాయి. సమానమైతే గెలుపు దొంగలదే. కాబట్టి ఒక్క విలేజర్ గింజైనా చివరిదాకా మిగలాలి.

దీనికో బరువు కూడా ఉంది, దాచిపెట్టను. రోజుకొకరిని ఏ ఆలోచనా లేకుండా లాటరీ తీసి అవుట్ చేసుకుంటూ పోయినా, ఈ లెక్కలో నాలుగు పగళ్లలో లీడర్ దొరికే అవకాశం నూటికి 59 దాకా ఉంటుంది. దానికితోడు విలేజర్ల ఓట్లు చావుతో పూర్తిగా పోవు. అందుకే పోలీసుకి ప్రతి రాత్రీ నిజమే తెలిస్తే ఆట ఒకవైపుకి ఒరిగిపోతుంది. ఏదో ఒక రాత్రి తప్పు జవాబు చెప్పే హక్కు గాడ్‌కి ఇవ్వాలి, ఆ సంగతి అందరికీ ముందే తెలియాలి. రాత్రి ఒకరిని చావు నుంచి కాపాడే డాక్టర్ పాత్ర ఇందులో వద్దంటాను.

ఆడేటప్పుడు చెడేవి రెండు. కొందరు చచ్చిన మర్నాడే గింజ పడేసి గోడకి ఆనుకుంటారు. తొందరగా వాడొద్దని నిషేధిస్తే లాభం లేదు, ఎందుకంటే ఎప్పుడు వాడాలో తేల్చుకోవడమే వాళ్ల ఆట. చివరి రోజు లెక్క ఆటకు ముందే ఒకసారి వివరిస్తే చాలా తేడా వస్తుంది. రెండోది దీనికి వ్యతిరేకం. ప్రాణభయం లేనివాళ్లు గొంతు పెంచి, బతికున్నవాళ్లను మాట్లాడనివ్వరు. ప్రతి పగలూ మొదటి మూడు నిమిషాలు బతికున్నవాళ్లకే వదిలేస్తే ఇది సర్దుకుంటుంది. ఓట్లు కూడా గాడ్ మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి వెయ్యాలి. ఒకరి తర్వాత ఒకరు వేస్తే, చివర్న కూర్చున్నవాళ్లు లెక్క చూసుకుని గింజ మిగుల్చుకుంటారు.

నియమం పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి, ఆట బాగుందా అని అడగడం వల్ల ఉపయోగం లేదు. మర్యాదకి అందరూ బాగుందనే అంటారు. మూడో పగలు ఆట ఒక నిమిషం ఆపి, అవుటైన ప్రతివాళ్లనూ ఒక కాగితం మీద రాయమనండి: లీడర్ ఎవరనుకుంటున్నారు, ఎందుకు. పేరు రాసి కారణం రాయలేకపోయినవాళ్లు ఆటలోంచి వెళ్లిపోయినట్టే, చేతిలో గింజ ఉన్నా సరే. బతికున్నవాళ్ల కారణాలంత వివరంగా చచ్చినవాళ్ల కారణాలూ ఉంటే నియమం పట్టుకుంది.

ఐదారుగురే ఉంటే ఇదంతా అక్కర్లేదు. రెండు మూడు పగళ్లలో ఆట తేలిపోతుంది, ఎదురుచూపు పెద్దగా ఉండదు. పన్నెండుమంది దాటితే మాత్రం మొదట పోయినవాళ్లు ఒక్క గింజ పట్టుకుని ఐదారు పగళ్లు గడపాలి, చనిపోయినవాళ్ల గుంపు కూడా బాగా పెరిగిపోతుంది. అప్పుడు గింజలు పెంచొద్దు, గుంపుని రెండు ఆటలుగా విడదీయండి.