ఎర్ర గుడ్డ అనుమతి పత్రం కాదు

ఇనుము దుకాణాల ముందు ట్రాలీ ఆటోలకు ఊచలు ఎత్తే తీరు ఒకసారి చూడండి. స్టీలు ఊచ పొడవు మామూలుగా 12 మీటర్లు. మధ్యకు మడిచినా 6 మీటర్లు ఉంటుంది. చిన్న ట్రాలీ తొట్టి రెండు, రెండున్నర మీటర్లకు మించదు. కొంత క్యాబిన్ మీదికి ఎక్కించి, మిగతాది వెనక్కి వేలాడేస్తారు. చివర ఎర్ర గుడ్డ పీలిక కట్టి బండి కదిలిస్తారు. గుడ్డ కట్టాం కాబట్టి రూల్ పాటించినట్టేనని డ్రైవరూ, సరుకు కొన్నవాళ్లూ నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒకప్పుడు వెనక మీటరు దాకా పొడుచుకురావచ్చన్న వెసులుబాటు ఉండేది. 2014లో దాన్ని తీసేశారు. ఇప్పుడు సరుకు అనేది బండి బాడీని దాటి బయటికి రాకూడదు, పక్కలకైనా వెనక్కైనా. దాటితే మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ కింద 20 వేల రూపాయల జరిమానా, దించడానికయ్యే ఖర్చు అదనం. సరుకు సర్దేదాకా బండి కదలకూడదు.

ఇంత కఠినంగా ఎందుకంటే, వెనక నుంచి వచ్చేవారికి ఊచ పొడవు కనిపించదు, దాని మొన మాత్రమే కనిపిస్తుంది. 12 మిల్లీమీటర్ల ఊచ మొన చిన్న చుక్కలా ఉంటుంది. వెనక వాహనదారు దూరాన్ని లెక్కేసుకునేది ట్రాలీ వెనక లైట్లను చూసే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, 10 మీటర్ల వెనక బైక్ వస్తోందనుకుందాం. ఊచలు 3 మీటర్లు బయటికి ఉంటే నిజంగా మిగిలింది 7 మీటర్లే. ట్రాలీ ఉన్నట్టుండి ఆగితే ఆ దూరం దాటడానికి సెకనులో మూడింట రెండొంతులు కూడా పట్టదు. చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే మొన ఛాతీకి తగులుతుంది.

ఎర్ర జెండా పని ఇక్కడే. సరుకు ఎక్కడ ముగుస్తుందో చూపించడం దాని బాధ్యత. అందుకే అది సరిగ్గా కొసన, వెడల్పుగా వేలాడాలి. మధ్యలో ముడేసిన పీలిక దేనికీ పనికిరాదు. రాత్రయితే మంచి జెండా కూడా చాలదు. చీకట్లో ఎరుపు నల్లగా కనిపిస్తుంది, మామూలు గుడ్డ హెడ్‌లైట్ వెలుగును వెనక్కి కొట్టదు. పైగా వేలాడే ఊచలు చాలాసార్లు బండి లైట్లనే కప్పేస్తాయి. బ్రిటన్‌లో వెనక్కి 2 మీటర్లు దాటిన సరుకుకు జెండా చాలదు, చారల బోర్డు తగిలించాలి, చీకట్లో దీపం ఉండాలి.

రోడ్డు మీద డ్రైవర్‌ను ఆపి చలానా రాయడంతో ఈ పని పూర్తికాదు. చట్టం నడిపినవారినే కాదు, నడిపించినవారినీ, నడపనిచ్చినవారినీ పట్టుకుంటుంది. రవాణా శాఖ తనిఖీ ఇనుము దుకాణం గేటు దగ్గరే మొదలుకావాలి. మేస్త్రీ ఇచ్చిన కొలతల ప్రకారం ఊచలు దుకాణంలోనే కోసి ఇవ్వాలి. కోయడం కుదరని బీము ఊచలకు పొడవాటి లారీ పెట్టాలి, ఆ కిరాయి ఇల్లు కట్టుకునేవారి ఎస్టిమేట్‌లో ముందే చేరాలి. ఊచల్లాగే బయటికి వేలాడేసి తీసుకెళ్లే నిచ్చెనకైతే ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు. రెండు ముక్కలుగా విడదీసే నిచ్చెనలు బజారులో దొరుకుతున్నాయి.