చేతి నుంచి కదలని ఖర్చు: బస్సు తరుగుదల లెక్క

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాలకు ఉద్యోగులను చేరవేసే బస్సులు నడిపే యజమానుల్లో ఒక సందేహం తరచూ వినిపిస్తుంది. మొదటి ఏడాది పన్ను తక్కువ పడిందని సంతోషించినవారే, వ్యాపారం అదే స్థాయిలో సాగుతున్నా మూడో, నాలుగో ఏటికి పన్ను ఎందుకు పెరిగిందని ఆడిటర్‌ను అడుగుతారు. దీనికి సమాధానం వాడకం వల్ల ఏటా తగ్గే ఆస్తి విలువను ఖర్చుగా చూపే తరుగుదల, అంటే డిప్రిసియేషన్ లెక్కలో ఉంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఎల్‌ఎల్‌పీగా, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యంగా నమోదైన ఒక చిన్న సంస్థ 40 లక్షల రూపాయలతో ఒకే బస్సు కొన్నది. డీజిల్, డ్రైవర్ జీతం, బీమా, మరమ్మతులు, బ్యాంకు వడ్డీ అన్నీ పోగా ఏటా 20 లక్షలు మిగులుతున్నాయి. అద్దెకు నడిపే బస్సులకు ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం తరుగుదల రేటు 30 శాతం కాబట్టి, మొదటి ఏడాది 12 లక్షలను ఖర్చుగా చూపవచ్చు. ఈ 12 లక్షలకు చెక్కు రాయాల్సిన పని లేదు, అది అందుకునేవారూ ఎవరూ లేరు. అయినా పన్ను పడే లాభం 20 లక్షల నుంచి 8 లక్షలకు తగ్గుతుంది. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున, 6.24 లక్షలు కట్టాల్సిన చోట సుమారు 2.5 లక్షలు కడితే సరిపోతుంది. అంటే సంస్థకు మిగిలింది 12 లక్షలు కాదు, దానిపై పడాల్సిన పన్ను 3.74 లక్షలు మాత్రమే. ఈ తేడాను గమనించనివారే తరుగుదలను ఉచితంగా వచ్చిన సొమ్ముగా భావిస్తారు.

అప్పు ఇచ్చే బ్యాంకు అధికారి ఇదే లెక్కను వెనక నుంచి చేస్తారు. పన్ను పోగా పుస్తకాల్లో కనిపించే 5.5 లక్షల లాభానికి 12 లక్షల తరుగుదలను తిరిగి కలిపి, 17.5 లక్షలను క్యాష్ అక్రూవల్స్‌గా, అంటే చేతికందే నగదుగా తీసుకుంటారు. వాయిదాలు తీర్చే శక్తిని అంచనా వేయడానికి ఆయనకు కావలసింది ఆ సంఖ్యే.

బస్సు కొన్న తేదీ కాదు, వాడుకలోకి వచ్చిన తేదీ ముఖ్యమన్నది చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి సగం తరుగుదలే దక్కుతుంది. మామూలు సంవత్సరంలో పూర్తి తరుగుదల దక్కాలంటే బస్సు వాడుకలోకి రావాల్సిన చివరి తేదీ అక్టోబరు 3. ఛాసిస్‌ను ఆగస్టులోనే కొన్నా, బాడీ కట్టించి, రిజిస్ట్రేషన్, పర్మిట్ పూర్తయి బస్సు రోడ్డెక్కేసరికి నవంబరు వస్తే, చూపగలిగేది 6 లక్షలే. ఆ ఏడాది పన్ను 1.87 లక్షలు పెరుగుతుంది. మిగతా 6 లక్షలు పోయినట్టు కాదు, బస్సు విలువలోనే ఉండి తర్వాతి ఏళ్లలో తరుగుతాయి. అధికారులు అడిగితే చూపడానికి ట్రిప్ షీట్లు, డీజిల్ బిల్లులు భద్రపరచుకోవాలి.

మొదట్లో ప్రస్తావించిన సందేహం ఇప్పుడు తేలుతుంది. రేటు మారకపోయినా, దాన్ని ఏటా మిగిలిన విలువపైనే లెక్కిస్తారు. అందువల్ల 12 లక్షల తర్వాత 8.4 లక్షలు, ఆపై 5.88 లక్షలు, నాలుగో ఏట 4.12 లక్షలు వస్తాయి. లాభం అదే 20 లక్షలైనా నాలుగో ఏట పన్ను 4.96 లక్షలకు, అంటే దాదాపు రెట్టింపుకు చేరుతుంది. ఈలోగా అప్పు వాయిదాలు మాత్రం తగ్గవు. 32 లక్షల అప్పును ఐదేళ్లలో సమానంగా తీరుస్తున్నారనుకుంటే, అసలు కిందనే ఏటా 6.4 లక్షలు బయటకు వెళ్తాయి. వడ్డీ ఖర్చుగా చెల్లుతుంది, అసలు చెల్లదు. తొలి రెండేళ్లలో తరుగుదల ఈ మొత్తం కన్నా ఎక్కువ, మూడో ఏటి నుంచి తక్కువ. పుస్తకాల్లో లాభం ఉండి చేతిలో డబ్బు ఆడని పరిస్థితి ఇక్కడే మొదలవుతుంది. తొలి ఏళ్లలో మిగిలిన పన్నును యజమానులు సొంతానికి వాడేసుకోవడమే నా దృష్టిలో అసలు పొరపాటు, ఎందుకంటే బస్సు కోసం డబ్బు నిజంగానే కదులుతోంది, కాకపోతే డౌన్‌పేమెంట్‌గా, వాయిదాలుగా కదులుతోంది.

లాభమే లేని ఏడాదిలో తరుగుదల వల్ల తగ్గడానికి అసలు పన్నే ఉండదు. అయితే వాడుకోని ఆ మొత్తాన్ని ఎన్నేళ్లయినా ముందుకు తీసుకువెళ్లవచ్చు. మంచి ఏడాది కోసం దాచుకుందామని తరుగుదల చూపకుండా వదిలేస్తే మాత్రం కుదరదు. చూపినా చూపకపోయినా చట్టం దాన్ని లెక్కలోకి తీసుకుని బస్సు విలువను తగ్గిస్తుంది.

ఐదేళ్లు పూర్తయ్యేసరికి పన్ను లెక్కల్లో బస్సు విలువ 6.72 లక్షలకు దిగుతుంది. దాన్ని 10 లక్షలకు అమ్మితే, బ్లాకులో, అంటే ఒకే తరుగుదల రేటున్న ఆస్తులను కలిపి లెక్కించే సముదాయంలో, వేరే వాహనం లేనందున 3.28 లక్షలు స్వల్పకాలిక మూలధన లాభంగా ఆ ఏడాదే పన్ను పరిధిలోకి వస్తాయి. అదే రేటున మరో బస్సు ఉండి, బ్లాకు విలువ 10 లక్షలకు మించి ఉంటే, అమ్మిన ధర ఆ విలువలోంచి తగ్గుతుంది, అప్పటికి పన్ను పడదు, కానీ తర్వాతి ఏళ్లలో చూపగల తరుగుదల ఆ మేరకు తగ్గుతుంది.