బొటనవేలి కింద పాన్ నంబరు

బిల్లులు రెండు రకాలు. ఒకటి బిల్లు. రెండోది బొటనవేలి కింద బిల్లు. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లు ఆఫీసుల్లో లెక్కలు రాసేవాళ్లకు ఈ రెండోదే నిత్య దర్శనం. బైకు ట్యాంకు మీద కాగితం పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో ఫొటో కొట్టి వాట్సాప్‌లో పడేస్తారు. సగం ఎండ, సగం ఫోటో కొట్టినాయన తలకాయ నీడ. కింద ఒక వాక్యం: "సార్ బిల్లు పంపిన, జర పైసలు ఎయ్యుండ్రి." ఆ తర్వాత రెండు నిమిషాలకు ఫోన్: "ఏసినరా సార్?"

ఆ వేలు ఖాళీ జాగాలో పడితే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. బిల్లు అడుగున బెత్తెడు తెల్ల కాగితం ఉంటుంది. పక్కన దేవుడి బొమ్మ ఉంటుంది, ఆయనేమీ అనుకోడు. అయినా సరే, వేలు పోయిపోయి జీఎస్టీ నంబరు మీదనే ఆసీనమవుతుంది. ఫొటోలో మిగతా అంతా అద్భుతంగా ఉంటుంది. ప్రింటింగ్ ప్రెస్ వాడి సెల్ నంబరు దగ్గర్నుంచి "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" దాకా ముత్యాల్లా కనిపిస్తుంది. కావాల్సిన పదిహేను అక్షరాల్లో మాత్రం ఎనిమిది అగుపిస్తాయి, ఆరు గోరు కింద ఉంటాయి, ఒకటి వివాదంలో ఉంటుంది.

ఆ వివాదంలో ఉన్న ఒక్క అక్షరం మీదనే మన కథ.

పోయిన ఫిబ్రవరిలో ఒక మిల్లుకు వెల్డింగ్ పనుల బిల్లు వచ్చింది. ఎలివేటరు, చ్యూట్ల రిపేరు. షీట్లు, రాడ్లు మిల్లువే, బిల్లు కూలికి మాత్రమే. లేబర్ చార్జీలు 84,000. దానిమీద 18 శాతం జీఎస్టీ 15,120. మొత్తం 99,120. ఇది కాంట్రాక్టు పని కాబట్టి, పైసలు ఇచ్చేముందు మిల్లు అందులోంచి ఆదాయపు పన్ను కొంత పట్టుకుని సర్కారుకు కట్టాలి. దీన్ని అందరూ పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో 194సీ అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఇలాంటి కోతలు 393వ సెక్షన్‌లోకి చేరాయి. సెక్షన్ మారింది, బొటనవేలు మారలేదు.

ఎంత పట్టుకోవాలి? పని చేసింది ఒక మనిషైతే, లేదా హిందూ అవిభక్త కుటుంబమైతే 1 శాతం. భాగస్వామ్య ఫర్మో కంపెనీయో అయితే 2 శాతం. మనిషా ఫర్మా అనేది పాన్ నంబరులో నాలుగో అక్షరం చెబుతుంది. P అయితే మనిషి, H అయితే అవిభక్త కుటుంబం, F అయితే ఫర్మ్, C అయితే కంపెనీ. బిల్లు మీద పాన్ విడిగా వెయ్యకపోయినా నష్టం లేదు. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి, మన తెలంగాణకు 36. వాటి వెనక పది అక్షరాలు అచ్చంగా పాన్. అంటే జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూస్తే పనైపోయింది. ఇంత సులువుగా పెట్టారు మహానుభావులు. ఒక్క సంగతి మరిచారు. P కి ముందు కొంచెం నీడ పడితే F అవుతుంది.

ఇక మిల్లు ఆఫీసులో జరిగిన మహాసభ గురించి చెప్పాలి. ఇలాంటి సభలు మీ ఆఫీసుల్లోనూ జరుగుతాయని నాకు తెలుసు, కాబట్టి కొత్తగా విన్నట్టు ముఖం పెట్టకండి.

గుమాస్తా ఫొటోను రెండు వేళ్లతో సాగదీశాడు. అక్షరం పెద్దదైంది, ఆకారం పోయింది. సేటు ఫోన్ అందుకుని ట్యూబులైటుకు అడ్డం పట్టి చూశాడు, కాగితం అనుకున్నాడో ఏమో. సూపర్‌వైజరు కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు, "ఇది ఎఫ్ఫే" అన్నాడు. హమాలీ మేస్త్రి ఏదో పనిమీద లోపలికొచ్చి, అడగకుండానే "పీ లెక్క కొడ్తుంది" అన్నాడు. చాయ్ తెచ్చిన పోరగాడి కళ్లు చురుకని వాడికిచ్చారు. వాడు "ఇది ఆర్ కాదా?" అని మూడో పక్షం స్థాపించాడు. ఫొటోను జిరాక్సు షాపు నంబరుకు పంపి, ఏ-ఫోర్ కాగితం మీద పెద్దగా ప్రింటు తీయిస్తే తేలుతుందని డ్రైవరు ప్రతిపాదన. తీయించారు. అరచేతంత నల్ల మచ్చ, పది రూపాయలు. వాట్సాప్ ఫొటోగా పంపిన ప్రతిసారీ దాన్ని పిండి చిన్నది చేస్తుందనీ, బిల్లు పంపిన వెల్డరన్న అదే ఫొటోను 'డాక్యుమెంట్' అని పంపి ఉంటే ఉన్నదున్నట్టు వచ్చేదనీ చెప్పబోయిన గుమాస్తాను ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఓటింగ్ పెట్టారు. F గెలిచింది. ఎందుకంటే బిల్లు నెత్తిన పెద్దక్షరాల్లో "అండ్ సన్స్ ఇంజనీరింగ్ వర్క్స్" అని ఉంది. అండ్ సన్స్ అంటే ఫర్మే కదా అని సేటు తీర్పు.

ఆ సన్స్‌లో ఒకడు హైదరాబాదులో బీటెక్ చదువుతున్నాడు, రెండోవాడు దుబాయి పోయే పనిలో ఉన్నాడు. ఇద్దరికీ వెల్డింగ్ రాడ్డుకూ అగ్గిపుల్లకూ తేడా తెలియదు. బోర్డు మీద అండ్ సన్స్, అండ్ బ్రదర్స్, అండ్ కో అని రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాలుగో అక్షరం మాత్రం అలా రాయించుకునేది కాదు.

గోరు కింద ఆరు అక్షరాలూ తెలిస్తే, ఇంత సభ జరిగే బదులు gst.gov.in తెరిచి Search Taxpayer లో ఆ నంబరు కొడితే సరిపోయేది. లాగిన్ కూడా అక్కర్లేదు. ముందు F తో కొట్టండి. జీఎస్టీ నంబరులో చివరి అక్షరం మిగతా పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి పెట్టింది కాబట్టి, ఒక్కటి తప్పుగా చదివినా ఆ నంబరు చెల్లదంటుంది. తర్వాత P తో కొట్టండి. అసలు పేరు, దుకాణం పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా, అన్నీ వస్తాయి. Constitution of Business అన్నచోట Proprietorship అని ఉంటుంది. అయిపోయింది. ఒక్క మనిషి, 1 శాతం. గోరు కింద ఆరూ దొరకకపోతే మళ్లీ ఫొటో పంపమని అడగాలి, అంతే. ఊహించకూడదు.

దేనిమీద 1 శాతం? 84,000 మీద. 99,120 మీద కాదు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే దాన్ని పక్కనపెట్టి మిగిలినదాని మీదనే కొయ్యాలని 2017లోనే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 23వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది. అయినా మన గుమాస్తాల చెయ్యి బిల్లు అడుగున ఉన్న పెద్ద అంకె మీదికే పోతుంది. జీఎస్టీ అనేది ఆ వెల్డరు ఆదాయం కాదు, వసూలు చేసి సర్కారుకు ఇచ్చేది. పన్ను మీద పన్ను కొయ్యమని ఎవరూ అడగలేదు.

సరే, 840 అని తేలింది. సంతోషించేలోపు ఇంకోటుంది, అది ఏ ఫొటోలోనూ కనబడదు. ఇదే అన్న జూన్‌లో 27,000 పని చేశాడు, సెప్టెంబరులో 28,500 పని చేశాడు. ఒక్క బిల్లు 30,000 దాటకపోతే, ఏడాది మొత్తం లక్ష దాటకపోతే కోత లేదు. కాబట్టి ఆ రెండింటికీ అప్పుడు ఏమీ పట్టలేదు, అది సరైనదే. ఇప్పుడు ఈ 84,000 చేరేసరికి ఏడాది లెక్క 1,39,500 అయింది. లక్ష దాటింది. దాటిన తర్వాత పాతవాటికీ కలిపి పట్టుకోవాలి. అంటే ఈసారి కోత 1,395. ఇవ్వాల్సింది 97,725. "అప్పటియి అప్పుడే అయిపాయె గద సార్?" అని ఆ అన్న అడుగుతాడు. న్యాయంగానే అడుగుతాడు. లెడ్జరు తెరిచి చూపించి, 555 రూపాయలు ఎక్కడివో కూర్చోబెట్టి చెప్పడం మన పని. ఫోన్ పెట్టేయడం కాదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక్కణ్నుంచి నావల్ల కావట్లేదు.

సభ ముగిసే ముందు సేటు ఒక మాటన్నాడు: "గింత పంచాయితీ ఎందుకురా, పాన్ దొరకలేదని 20 శాతం కోసెయ్. ఎక్కువ కోస్తే మనకేం పోతది?" పాన్ ఇవ్వనివాడికి 20 శాతం కొయ్యాలనే నియమం ఉంది, నిజమే. కానీ పాన్ ఆ బిల్లు మీద, జీఎస్టీ నంబరు కడుపులోనే ఉంది. అది కనిపెట్టడానికి బద్ధకమై 84,000 లో 16,800 లాగేసుకుంటావా? ఆ పైసలతో అతను ఇద్దరు హెల్పర్లకు కూలియ్యాలి. గ్యాసు బండకు ఉద్దెర తీర్చాలి. నువ్వు ఇచ్చినా ఇవ్వకపోయినా 15,120 జీఎస్టీ లెక్క అతని నెత్తిమీదే ఉంది. సేటుకేం పోదు, నిజం. పోయేదంతా అవతలివాడిదే కాబట్టి అంత ధైర్యం.

ఇంతకన్నా సిగ్గులేని రకం ఇంకోటుంది. కోస్తారు, కట్టరు. ఫిబ్రవరిలో కోసింది మార్చి 7 లోపు కట్టాలి. "త్రైమాసికం రిటర్నప్పుడు ఒకేసారి చూద్దాం లే" అని మిల్లు ఖాతాలోనే తిప్పుకుంటారు. ఆలస్యానికి నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుంది, నెలలో ఒక్కరోజు దాటినా పూర్తి నెల కింద లెక్క. ఆ వడ్డీ పోయేది సర్కారుకు. ఎవడి పైసలు ఆగాయో వాడికి పైసా రాదు. ఆ వెల్డరు రిటర్ను వేసుకుని వాపసు అడుగుదామని తన పేరిట జమైన పన్ను చూపించే 26ఏఎస్ తెరిస్తే అక్కడ అతని పేరిట సున్నా ఉంటుంది.

అదీ కాక, ఓటింగులో గెలిచిన ఆ F తోనే రిటర్ను పంపితే చూడండి వేడుక. అలాంటి పాన్ లేకపోతే, పాన్ తప్పని మిల్లుకే నోటీసు వస్తుంది, 20 శాతం లెక్కన తక్కువ పడ్డది కట్టమంటుంది. కర్మగాలి అలాంటి పాన్ ఇంకెక్కడో నిజంగా ఉంటే, మన వెల్డరు చెమట ఎవరో ముక్కూముఖం తెలియని ఫర్మ్ ఖాతాలో జమవుతుంది. సరిచేయాలంటే కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాలి. దానికి ఆడిటర్ ఆఫీసువాళ్లు ఫీజు అడుగుతారు. ఆ ఫీజు నువ్వే పెట్టుకోవాలని వెల్డరును అడిగిన సేట్లున్నారు. బొటనవేలు నీదే కదా అని వాదించారు కూడా.