ముందు ఎవరికి చూపించారు?

కొత్త వీడియో ఆడకపోతే వీడియో ప్లాట్‌ఫాంలు చెప్పే జవాబు ఒక్కటే: జనానికి నచ్చలేదు. ఈ మాట వినీ వినీ మాకు విసుగొచ్చేసింది. ఏ జనం? ఎంతమంది? వాళ్లని ఏరింది ఎవరు? వారాల తరబడి కష్టపడి చేసిన వీడియో రెండు మూడు గంటల్లో చప్పబడిపోతే, తీసినవాళ్లు తప్పంతా తమదేనని కుంగిపోతున్నారు. ముందు ఎవరికి చూపించారన్నది వాళ్లకి ఎవరూ చెప్పరు.

పద్ధతి మీకు తెలిసిందే. పోస్ట్ చేసిన వీడియో ఒక్కసారిగా అందరి ఫీడ్‌లోకీ వెళ్లదు. దాని గురించి సిస్టమ్‌కి అప్పటికి ఏమీ తెలియదు కాబట్టి టైటిల్, అందులో వినిపించే మాటలు, ఆ ఛానల్‌ని ఇంతకుముందు చూసినవాళ్ల అలవాట్లు పట్టుకుని ఒక అంచనా వేసి, కొద్దిమంది ముందు పెడుతుంది. వాళ్లు ఆగారా, వేలితో పైకి తోసేశారా, ఎంతవరకు చూశారు, మళ్లీ చూశారా, ఎవరికైనా పంపారా అన్నది లెక్కేస్తుంది. బాగుంటే ఇంకొంచెం పెద్ద గుంపుకి, అక్కడా బాగుంటే మరింత దూరం వాళ్లకి చూపిస్తుంది. బాగోలేకపోతే చూపించడం తగ్గించేస్తుంది. తొలి స్పందనకి అంత బరువు రావడానికి కారణం ఇదే, అప్పటికి చేతిలో వేరే ఆధారం లేదు. ఆ తొలి గుంపులో ఎంతమంది ఉంటారో, పాస్ మార్కు ఎంతో ఏ ప్లాట్‌ఫామూ బయటపెట్టదు. నెట్‌లో తిరిగే "మొదటి 300 మంది" లాంటి లెక్కలన్నీ ఊహలే.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు లెక్క కోసం మేము అనుకున్నవి. ఒకామె ఛానల్‌లో నిన్నటిదాకా పిల్లి వీడియోలే బాగా ఆడాయి. ఇప్పుడు ఆమె కుట్టు మిషన్ మీద 40 సెకన్ల షార్ట్ పెట్టింది. గుడ్డ తిరగేసి అడుగున ఉండలు కట్టిన దారాన్ని చూపిస్తుంది. అందరూ బాబిన్‌ని అనుమానిస్తారు గానీ చాలాసార్లు తప్పు పై దారానిది, ప్రెషర్ ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యలోకి సరిగ్గా దిగదు, ఫుట్ పైకెత్తి మళ్లీ ఎక్కిస్తే కుట్టు బాగవుతుంది. పనికొచ్చే వీడియో, నిమిషం కూడా వృథా కాదు. సిస్టమ్ దాన్ని ఎవరి ముందు పెట్టింది? ఎక్కువగా పిల్లి వీడియోలు చూసేవాళ్ల ముందు. 200 మందిలో 130 మంది మూడు సెకన్లలోపే తోసేశారు. మిగిలిన 70 మందిలో 60 మంది చివరిదాకా చూశారు, దారం ఎక్కించే చోట వెనక్కి జరిపి మరీ చూశారు.

ఏ సెకనుకి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్‌లో ఇది కంటికి కనిపిస్తుంది. మొదట్లో గీత నిట్టనిలువునా పడి, ఆ తర్వాత బల్లపరుపుగా సాగి, దారం ఎక్కించే చోట మాత్రం పైకి ఉబ్బుతుంది. వీడియోలోనే సత్తా లేకపోతే గీత ఇలా ఉండదు, మొదటి నుంచి చివరిదాకా జారుతూనే పోతుంది. అంటే ఇక్కడ తప్పు మొదటి మూడు సెకన్లదైనా కావాలి, చూపించిన గుంపుదైనా కావాలి. కానీ అందరినీ కలిపి తీసిన సగటు ఒక్కటే చూస్తే, 200కి 130 మంది వద్దన్నారన్న లెక్కే మిగులుతుంది. దాన్ని జనం తీర్పు అంటున్నారు. కుట్టు మిషన్ ముఖం చూడని వాళ్లని కూర్చోబెట్టి చెప్పించిన తీర్పు అది.

గుంపు సరైనదే అనుకున్నా చిక్కు తీరదు. నిజానికి 60 శాతం మంది ఆగి చూసేంత బాగున్న వీడియోని 100 మందికి చూపిస్తే, ఒకసారి 52 మంది ఆగొచ్చు, ఇంకోసారి 68 మంది ఆగొచ్చు, ఇదంతా ఉత్త అదృష్టం. పాస్ మార్కు 60 దగ్గర పెడితే అలాంటి వీడియోల్లో దాదాపు సగం ఏ తప్పూ లేకుండానే మునిగిపోతాయి. అదే 1,000 మందికి చూపిస్తే ఆ ఊగిసలాట ఇంచుమించు 57 నుంచి 63 లోపే ఉంటుంది. తొలి గుంపు ఎంత చిన్నదైతే తీర్పు అంత లాటరీ అవుతుంది.

ఇది మా ఊహ కాదు. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 14,000 మందికి పైగా శ్రోతలు, పేరు తెలియని బ్యాండ్ల పాటలు 48. ముందు వచ్చినవాళ్లలో ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేసి, శ్రోతల్ని ఒకరితో ఒకరికి సంబంధం లేని ఎనిమిది గుంపులుగా విడదీశారు. పాటలు అవే, మొదలు ఒకటే, అయినా ఒక్కో గుంపులో ఒక్కో పాట హిట్టయింది. మరీ మంచి పాటలు అరుదుగా మునిగాయి, మరీ చెత్తవి అరుదుగా తేలాయి, మధ్యలో ఉన్నవాటి రాత మాత్రం ఎటైనా తిరిగింది. మనం చూసే వీడియోల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోవే కదా.

నిమిషానికి వందల గంటల వీడియో వచ్చిపడుతుంటే ఏదో ఒక వడపోత తప్పదన్న వాదన ఒకటుంది, నిజమే, పాత వీడియోలు నెలల తర్వాత లేచిన సందర్భాలూ ఉన్నాయి. మేము పరీక్ష పెట్టొద్దనడం లేదు. మార్కులు వేసేవాళ్లని మీరే ఏరి, ఏరిన సంగతి దాచి, దానికి జనం పేరు పెట్టొద్దంటున్నాం. ఎందుకంటే అవసరమైనప్పుడు ఈ వడపోతని పక్కన పెట్టడం వీళ్లకి బాగా తెలుసు. టిక్‌టాక్ సిబ్బంది కొన్ని వీడియోలని చేత్తో ఎంచి పైకి లేపుతున్నారని 2023 జనవరిలో ఫోర్బ్స్ బయటపెట్టింది, కంపెనీ కాదనలేదు. రోజువారీ వ్యూస్‌లో 1 నుంచి 2 శాతం అలా వచ్చినవేనని ఆ పత్రిక సంపాదించిన అంతర్గత పత్రంలో ఉంది. తమకి కావలసినవాటికి చేత్తో తోపు, మిగతావాళ్లకి "జనానికి నచ్చలేదు" అన్న పాఠమా?

చెప్పడం చేతకాదా అంటే అదీ కాదు. ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబర్‌లో ట్రయల్ రీల్స్ తెచ్చింది. రీల్ ముందు ఫాలోయర్లు కానివాళ్లకే వెళుతుంది, ఒక రోజులో అంకెలు కనిపిస్తాయి, మూడు రోజుల్లోపు బాగా ఆడితే ఫాలోయర్లకి కూడా దానంతటదే వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఎవరికి చూపిస్తున్నామో ముందే చెప్పి పరీక్ష పెట్టొచ్చని వాళ్లే చేసి చూపించారు. మరి మామూలు పోస్టుకి ఆ పాటి మర్యాద ఎందుకు లేదు?

దాచిపెట్టడం వల్ల ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాం. తొలి గంట లైకులు అమ్మే దుకాణాలు వెలిశాయి, పోస్ట్ చేయగానే బంధువులందరికీ లింకు పంపి లైక్ కొట్టమని బతిమాలడం మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. బంధువులు తెరుస్తారు, లైక్ కొడతారు, ఐదు సెకన్లకి వెళ్లిపోతారు. యూట్యూబ్ 2012లోనే క్లిక్కుల కంటే చూసిన సమయానికి పెద్దపీట వేసింది, కాబట్టి ఆ ఐదు సెకన్లు లైకు చేసే మేలు కంటే ఎక్కువ చెడుపు చేయొచ్చు. పైగా ఈ వీడియో మీ బంధువుల్లాంటి వాళ్లకోసమని సిస్టమ్ తప్పుగా నేర్చుకునే ప్రమాదం ఉంది.

ప్లాట్‌ఫాంలు నడిపేవాళ్లని మేము అడిగేది మూడే. తొలి గుంపులో ఎంతమందికి చూపించారో చెప్పండి. వాళ్లు మామూలుగా ఏం చూసేవాళ్లో, పేర్లు లేకుండా, తీసినవాళ్లకి చూపించండి. మొదట్లో తోసేసినవాళ్లు ఎక్కువై, ఆగినవాళ్లు మాత్రం చివరిదాకా చూసిన ప్రతి వీడియోనీ వేరే గుంపు ముందు మరోసారి పెట్టండి. ఈ అంకెలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. వాటిని బయటపెట్టేదాకా జనం పేరు మీ నోట రానివ్వకండి, ఆ వీడియోని వద్దన్నది మీరు ఏరిన కొద్దిమందే.