నాన్న కొన్న స్థలం అమ్మితే పన్ను లెక్క ఎక్కడ మొదలవుతుంది?

తండ్రి పోయాక ఆయన స్థలం అమ్ముకునే పిల్లల్లో చాలామంది ఒకే లెక్క వేసుకుంటారు. ఆయన పోయిన నాటికి స్థలం విలువ ఎంత, ఇప్పుడు ఎంతకు అమ్మాం, మధ్యలో పెరిగిందే లాభం అనుకుంటారు. మన ఆదాయపు పన్ను చట్టం అలా చూడదు. వారసత్వంగా ఆస్తి రావడం మీద పన్ను లేదు, కానీ అమ్మిన రోజున తండ్రి కొన్న ధరే పిల్లల కొనుగోలు ధర అవుతుంది. తండ్రికీ అది తాత నుంచి వచ్చి ఉంటే, డబ్బు పెట్టి కొన్న చివరి మనిషి దాకా వెనక్కి వెళ్లాలి. చేతిలో ఉన్న కాలమూ అంతే. స్థిరాస్తి 24 నెలలు దాటితే దీర్ఘకాలిక మూలధన ఆస్తి. తండ్రి దగ్గర ఉన్న సంవత్సరాలు కూడా కలుస్తాయి కాబట్టి, వారసత్వం వచ్చిన ఆరు నెలలకే అమ్మినా లాభం దీర్ఘకాలికమే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. తండ్రి 1992లో పట్టణంలో లక్షా ఇరవై వేలకు స్థలం కొన్నారు. 2020లో పోయారు, అప్పటికి దాని విలువ 45 లక్షలు. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు అమెరికాలో ఉంటారు. 2025 జూన్‌లో ఇద్దరూ కలిసి 60 లక్షలకు అమ్మి చెరిసగం పంచుకున్నారు. లాభం 15 లక్షలేనని రిటర్న్ వేస్తే నోటీసు రావచ్చు.

అయితే 1992 నాటి ధరకే కట్టుబడనక్కర్లేదు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. ఆ విలువ 10 లక్షలు అనుకుంటే లాభం 50 లక్షలు. ఇక్కడ ఒక పరిమితి ఉంది. భూమి, భవనాల విషయంలో ఆ తేదీన స్టాంపు డ్యూటీకి లెక్కగట్టిన విలువ దొరికితే దాన్ని మించి చూపడానికి వీల్లేదని 2020 ఆర్థిక చట్టం చెప్పింది. కాబట్టి వాల్యుయర్ నివేదిక ఒక్కటే సరిపోదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి 2001 నాటి విలువ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అమ్మకం ఒప్పందానికి ముందే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

ఇక పన్ను రేటు. 2024 జూలై 23 నుంచి ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం. అంతకు ముందు సంపాదించిన భూమి, భవనాలకు మాత్రం పాత పద్ధతిలో, అంటే ఇండెక్సేషన్‌తో ద్రవ్యోల్బణానికి తగ్గట్టు కొనుగోలు ధర పెంచి 20 శాతం లెక్కగట్టి, ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఇచ్చారు. ఇందుకు ప్రభుత్వం ప్రకటించే ద్రవ్యోల్బణ సూచీ 2001-02కి 100, 2025-26కి 376. సూచీ లెక్కను వారసుడి చేతికి వచ్చిన ఏడాది నుంచి కాక, తండ్రి నాటి నుంచే మొదలుపెట్టాలని బొంబాయి హైకోర్టు 2011లోనే తేల్చింది. ఆ ప్రకారం 10 లక్షలు 37.6 లక్షలవుతాయి, లాభం 22.4 లక్షలకు దిగుతుంది. కొడుకు వాటా పన్ను, సెస్ కలపకుండా, 2 లక్షల 24 వేలు. ఈ పాత పద్ధతి ప్రతి ఒక్కరికీ లాభం కాదు. 2025-26 సూచీతో చూస్తే, అమ్మకం ధర 2001 విలువకు దాదాపు ఎనిమిదిన్నర రెట్లు దాటితే 12.5 శాతమే మేలు. హైదరాబాద్ శివార్లలో భూమి బాగా పెరిగినవారికి ఇది వర్తించవచ్చు.

కూతురి సంగతి వేరు. ఈ వెసులుబాటు భారత నివాసులకే. ఆమె తన 25 లక్షల లాభం మీద 3 లక్షల 12 వేల 500 కట్టాలి. తండ్రి ఒకడే, స్థలం ఒకటే, ధర ఒకటే, పన్ను మాత్రం దాదాపు 88 వేలు ఎక్కువ. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఆ స్థలాన్ని ఆమె పెట్టుబడిగా ఎంచుకోలేదు. ద్రవ్యోల్బణం అన్నకూ చెల్లెలికీ ఒక్కటే. పార్లమెంటు ఈ తేడాను కనీసం వారసత్వ ఆస్తుల వరకైనా సరిచేయాలి.

అమెరికాలో నియమం దీనికి తలకిందులు. అక్కడ తండ్రి మరణించిన నాటి విలువే వారసుల కొనుగోలు ధర. కాబట్టి అక్కడి రిటర్న్‌లో ఆమె లాభం రూపాయల్లో ఏడున్నర లక్షలు, రూపాయి పడిపోయింది కనుక డాలర్లలో ఇంకా తక్కువ. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఉన్నా, అది అక్కడ విదేశీ ఆదాయం మీద పడే పన్నును మించదు. మిగిలింది ఆ ఏడాది తిరిగి రాదు, ముందు గత ఏడాదికి, ఆపై తర్వాతి సంవత్సరాలకు జరుపుకోవాల్సిందే.

దీనికి తోడు, అమ్మేవారు ప్రవాసులైతే కొనేవారు జాగ్రత్త కోసం లాభం మీద కాక మొత్తం ధర మీదే టీడీఎస్ కోస్తుంటారు. ఆమె వాటా 30 లక్షల మీద అది 3 లక్షల 75 వేలు, సెస్ అదనం. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు పెట్టి, తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకుంటే అసలు లాభం మీదే కోత పడుతుంది. లేదంటే ఎక్కువ పోయిన సొమ్ము కోసం రిటర్న్ వేసి, రిఫండ్ వచ్చేదాకా ఆగాలి.