రెండో ఆట వదిలేసరికి నెల్లూరు ఎందుకు పడుకోవాలి?

నెల్లూరు చూడడానికి వచ్చేవాళ్లకు ఎవరిని అడిగినా ఒకటే లిస్టు చెబుతారు. తెల్లవారుజామున లేచి మైపాడు బీచ్‌లో సూర్యోదయం, అక్కడి నుంచి రంగనాయకుల గుడి, పదకొండుకల్లా మళ్లీ రూముకి. పొద్దున పదింటిదాకా మంచం దిగని మనిషికి, లైట్లు, జనం, వీధి సందడి ఉంటేనే ఊరు బాగుంది అనిపించే మనిషికి ఈ లిస్టుతో పనిలేదు. అలాంటి వాళ్లకు నేను చెప్పేది ఒకటే: మధ్యాహ్నం దిగండి, భోంచేసి పడుకోండి, ఐదున్నరకు బయటకు రండి. కత్తిరి ఎండల్లో పగలు నెల్లూరు వీధుల్లో తిరిగేవాడు పనుండి తిరుగుతాడు తప్ప సరదాకి కాదు. ఈ ఊరు మనసు విప్పేది సాయంత్రమే.

అయితే మనసు విప్పిన ఊరిని పదిన్నరకల్లా విజిల్ వేసి మూయించేస్తున్నారు. నా గొడవ అది.

ముందు సాయంత్రం ఎలా ఉంటుందో చెబుతాను. ట్రంకు రోడ్డు మీద గాంధీబొమ్మ దగ్గర దిగి చిన్నబజారు వైపు నడుస్తుంటే పులిబొంగరాల బండి తగులుతుంది. గుంటల పెనం, పక్కన స్టీలు గిన్నెలో పిండి, ఎర్ర కారం, చట్నీ. పొద్దున దోసెలకు రుబ్బిన పిండే సాయంత్రానికి ఎండ వేడికి బాగా పులుస్తుంది, అందులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి కలిపి గుంటల్లో పోస్తారు. ఆ పులుపే దాని రుచి, పేరులో ఉన్న పులి కూడా అదే. అంటే ఇది మన వాతావరణమే సాయంత్రం కోసం తయారుచేసి పెట్టిన తిండి. పొద్దున ఏడింటికి అడిగితే ఈ రుచి రాదు. అంచు ఎర్రబడగానే ఇనుప పుల్లతో తిప్పుతారు, ఆ తిప్పిన క్షణంలో లేచే ఆవిరి మీద బల్బు వెలుగు పడుతుంది. కొత్త ఊళ్లో ఏ బండి దగ్గర తినాలో తెలియనప్పుడు నేను చూసేది ఆ ఆవిరినే. ఆవిరి ఆగకుండా లేస్తోందంటే పెనం ఖాళీగా ఉండడం లేదని, అక్కడ చల్లారినది ఇవ్వరని అర్థం.

నేను తరచూ తినే బండి అక్క ఐదింటికి బండి పెడుతుంది. మొదటి గంట బేరం ఉండదు. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చేతికి ఖాళీ ఉండదు. పదింటికి పెనం కింద మంట తగ్గిస్తుంది, పదిన్నరకు జీపు వస్తుంది కాబట్టి. గిన్నెలో పిండి మిగిలిపోతే మర్నాటికి పనికిరాదు, మరీ పులిసిపోతుంది, పారబోయాల్సిందే. అందుకని ఆమె ముందే తక్కువ రుబ్బుకుంటుంది. "పిండి ఉండాది, తినేవాళ్లు ఉండారు, టైమే లేదన్నా" అంది ఒకసారి. రెండో ఆట వదిలేదాకా ఉండనిస్తే ఇంకో గిన్నె పిండి అమ్ముతానని ఆమె లెక్క.

ఈ రెండో ఆట సంగతే నాకు ఎంతకీ మింగుడుపడదు. నెల్లూరు సినిమా ఊరు, ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. రాత్రి పన్నెండున్నరకు వందలమంది థియేటర్లోంచి రోడ్డు మీదకు వస్తారు. వాళ్లను ఆ టైముకి బయటకు వదలడానికి లైసెన్సు ఉంది, వాళ్లకు ఒక టీ పోయడానికి మాత్రం లేదు! బస్టాండు, రైల్వే స్టేషను దగ్గర తప్పితే ఊరంతా షట్టరే. రాత్రి జనం రోడ్డు మీద ఉంటారని మనమే ఒప్పుకుని టికెట్టు అమ్మాం. చీకటి రోడ్డు మీద విడివిడిగా ఇళ్లకు పోయే జనం కంటే, నాలుగు బండ్లు వెలుగుతున్న రోడ్డు మీద పోయే జనం సురక్షితం కాదా? ఆడవాళ్ల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా అంటాను. రాత్రి పదకొండింటికి ఒక ఆడమనిషికి భయం వేసేది వెలుగున్న చోట కాదు, షట్టర్లు దించేసిన సందులో.

వద్దనేవాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. బజార్లలో పైన ఇళ్లున్నాయి, అక్కడ ముసలివాళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు ఉన్నారు, తెల్లారేసరికి చెత్త వాళ్ల గుమ్మం ముందే ఉంటుంది. గ్యాసు సిలిండర్ల భయం కూడా చిన్నది కాదు. అందుకే నేను ఊరంతా తెరవమనడం లేదు.

ఇండోర్‌లో సరాఫా ఉంది. పగలంతా అది బంగారం బజారు. రాత్రి కొట్లు కట్టేశాక అదే కొట్ల అరుగుల ముందు తిండి బండ్లు వెలుస్తాయి, అర్ధరాత్రి దాటేదాకా నడుస్తాయి. బండ్లుంటే వీధి నిర్మానుష్యం కాదు, తాళాలకు కాపలా అవుతుందని నగల వ్యాపారులే మొదట్లో ప్రోత్సహించారని అక్కడ చెప్పుకుంటారు. ఈమధ్య అదే వ్యాపారులు బండ్లు ఎక్కువైపోయాయని, సిలిండర్ల వల్ల అగ్నిప్రమాదం జరిగితే వీధంతా పోతుందని అభ్యంతరం చెప్పారు. ఇందులో మనకు పనికొచ్చే పాఠం రెండోదే: లెక్క మించితే పాడవుతుంది, మొదటిరోజే లెక్క కట్టాలి. చెత్త సంగతి అడిగేవాళ్లకు ఒక మాట, రాత్రంతా తినే ఆ ఇండోర్ 2017 నుంచి స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఏళ్ల తరబడి మొదటి ర్యాంకు కొట్టింది.

మనకూ బంగారం కొట్ల ఆచారివీధి ఉంది. తొమ్మిదింటికల్లా అక్కడ కొట్లు కట్టేస్తారు, పగలు స్కూటరు కూడా దూరని సందు రాత్రి ఖాళీగా పడుంటుంది. ఊరి బయట స్థలం చూసి టైల్స్ వేసి, ఆర్చి కట్టి ఫుడ్ కోర్టు పెడదామనే ఆలోచన వద్దే వద్దు. అక్కడికి కార్లున్నవాళ్లే వెళ్తారు, నెల తిరగ్గానే సగం స్టాళ్లు ఖాళీ అవుతాయి. వీధికి ఉన్న వేడి కట్టిన చోట రాదు.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. టౌన్ వెండింగ్ కమిటీ వేయాలని, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలని అందులో రాసుంది. ఒకే చోటును వేళలవారీగా పంచుకుని అమ్ముకునే పద్ధతిని ఆ చట్టం కింద తెచ్చే పథకంలో పెట్టాలని కూడా ఉంది, పగలు నగలు రాత్రి పులిబొంగరాలు అంటే అదే కదా. వీధిలో అమ్ముకోవడానికి ఇచ్చే సర్టిఫికెట్టు ఉండి, దాని షరతుల ప్రకారం అమ్ముకునే మనిషిని పోలీసులు సహా ఎవరూ అడ్డుకోకూడదని 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఆ సర్టిఫికెట్టు మీద రాత్రి ఒంటిగంట అని వేస్తే చాలు, బండి అక్కకు విజిల్‌తో పనిలేదు.

అసలు ఈ పదిన్నర ఎక్కడిది? రోళ్లు పగిలే ఎండలున్న నేల మనది. రాత్రంతా హరికథలు, వీధి నాటకాలు చూసి తెల్లారి ఇంటికెళ్లిన తాతలున్నారు మనకు. రొట్టెల పండుగ వస్తుంది, బారాషహీద్ దర్గా దగ్గర గంధం అర్ధరాత్రి దాటాక వస్తుంది, స్వర్ణాల చెరువు గట్టు మీద వేలమంది మెలకువగా ఉంటారు, లైట్లు, మరుగుదొడ్లు, పారిశుద్ధ్యం, పోలీసు, అన్నీ అర్ధరాత్రి పనిచేస్తాయి. ఆ జనాన్ని నడిపిన ఊరికి ఒక్క సందు నడపడం చేతకాదంటే నేను నమ్మను.

శుక్ర, శనివారాలు, ఆచారివీధి, రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట. ముప్పై బండ్లకు మించొద్దు, వీధి రెండు చివర్లా ఫైరింజను దూరేంత దారి వదలాలి, మైకులొద్దు. ఎవరి చెత్త వాళ్లు మూట కట్టుకుని పోవాలి. మూడు నెలలు చూడండి. ఆ అక్క రెండో గిన్నె పిండి రుబ్బడానికి సిద్ధంగా ఉంది.