పట్టుబట్టలో చుట్టిన రిప్లై ఆల్

తోటి ఉద్యోగి తప్పును రెండు వందల మంది ముందు ఎత్తిచూపితే మొరటుతనం. అదే పనిని "చిన్న సవరణ అండీ, అన్యథా భావించవద్దు" అంటూ చేస్తే సంస్కారం. పట్టుబట్టలో చెప్పు చుట్టి కొట్టడం మనకు పాత విద్యే. గచ్చిబౌలి ఆఫీసుల్లో దానికి ఏసీ కూడా అమర్చారు.

మొన్నటికి మొన్న ఒక టీమ్‌లో ఇదే జరిగింది. సర్వర్ల మెయింటెనెన్స్ శుక్రవారం 22:30 యూటీసీకని కబురొచ్చింది. కుర్రాడు యూటీసీ సంగతి గమనించక, శుక్రవారం రాత్రి 10:30కి సర్వర్లు ఆగుతాయని గ్రూపంతటికీ మెయిల్ కొట్టాడు. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. అంటే శనివారం తెల్లవారుజాము 4 గంటలు.

సీనియర్ గారు పట్టేశారు. కుర్రాడు రెండు సీట్ల అవతలే ఉన్నాడు. కానీ పిలిచి చెప్తే సంస్కారానికి సాక్షులుండరు కదా! అందుకే రిప్లై ఆల్ నొక్కారు. మొదటి పేరాలో కుర్రాడి శ్రమకు ధన్యవాదాలు. రెండో పేరాలో "బహుశా నేనే పొరపాటుగా చదివానేమో". ఆపైన "ఈ టైమ్ జోన్లు అందరినీ తికమక పెట్టేవే" అన్న ఊరడింపు, ఒక నవ్వు బొమ్మ. "సమాచారం కోసం మాత్రమే" అని సీసీలో మేనేజర్. అన్నిటికంటే అడుగున, సిగ్గుపడుతూ, "4 గంటలేమో చూడగలరు".

ఫోన్లో మెయిల్ పైరెండు లైన్లే చూసేవాళ్లకు ధన్యవాదాలే కనిపించాయి, అంతా సవ్యంగా ఉందనుకున్నారు. పూర్తిగా చదివినవాళ్లకు ఆ "బహుశా" పుణ్యమా అని చేతిలో రెండు టైములు మిగిలాయి. ఖాయంగా తెలిసిన విషయానికి వినయం తొడిగితే అది అనుమానమై కూర్చుంటుంది. మెత్తదనమంతా కుర్రాడి కోసమే అన్నారు గానీ, అతనికి దక్కింది మాత్రం మేనేజర్ చూపు.

ఇంకో పద్ధతి ఉంది, బొత్తిగా చప్పనిది. "బాబూ, అది యూటీసీ, ఒకసారి చూడు" అని పక్కకెళ్లి చెప్పడం. కుర్రాడే సబ్జెక్టులో ముందు "సవరణ" అని చేర్చి, మొదటి లైన్లోనే "మెయింటెనెన్స్ శనివారం ఉదయం 4:00, మన టైమ్. 10:30 అన్న పాత మెయిల్ వదిలేయండి" అని పంపడం. అతను బయోడైవర్సిటీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్ ఎత్తకపోతే, అవతల టైమ్ ముంచుకొస్తుంటే, అవే రెండు వాక్యాలు సీనియరే పంపొచ్చు. అందులో కుర్రాడి పేరుండదు, ఓదార్పూ ఉండదు. తప్పు పట్టింది ఎవరన్న ఊసూ ఉండదు. ఇంత నష్టానికి ఏ సీనియర్ ఒప్పుకుంటాడు?

ఇంతకీ ఆ మర్యాద మెయిల్‌కి జవాబులు వచ్చిపడ్డాయి. తొమ్మిది మంది "థాంక్స్ ఫర్ క్లారిఫైయింగ్" అన్నారు, అందరూ రిప్లై ఆల్‌లోనే. పదో ఆయన మాత్రం అడిగాడు: "4 గంటలంటే సాయంత్రమా అండీ?"